కరెంటు పోతే 4 సెకన్లు, తిరిగి వస్తే 40 సెకన్లు: వీఆర్‌ఆర్‌పీతో ఈ లొల్లి ఏంటి?

హన్మకొండ_ల్యాన్

మాది హన్మకొండలో ఒక కాలేజీ. నేను నెట్‌వర్క్ చూస్తాను, ప్రొజెక్టర్ పని చేయకపోయినా నన్నే పిలుస్తారు, అది వేరే సంగతి. పోయిన నెల రెండు లేయర్ త్రీ స్విచ్‌లు పెట్టాం. ఒకటి అడ్మిన్ బ్లాకులో, ఒకటి ల్యాబ్ బ్లాకులో. మధ్యలో ఫైబర్ ట్రంక్. ప్రతి అంతస్తు స్విచ్ నుంచి రెండింటికీ కేబుల్ ఉంది. రెండు పెద్ద స్విచ్‌ల నుంచి ఫైర్‌వాల్‌కు చెరో లింకు, డిఫాల్ట్ రూట్ ఫైర్‌వాల్ నుంచి ఓఎస్‌పీఎఫ్‌లో వస్తుంది. ల్యాబ్ పీసీల గేట్‌వే 10.20.0.1, అది వీఆర్‌ఆర్‌పీ అడ్రస్.

ఆదివారం ఎవరూ లేనప్పుడు టెస్ట్ చేశాను. ఒకటో స్విచ్ పవర్ పీకితే ఒక్క పింగ్ పోయి మళ్లీ వచ్చింది. మస్తు ఖుషీ అయ్యాను. మళ్లీ ప్లగ్ పెట్టాను. ఐదారు నిమిషాలు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి ల్యాబులన్నింటిలో నెట్ పోయింది. దాదాపు 40 సెకన్లు! పోయినప్పుడు రాని కష్టం వచ్చినప్పుడు ఎందుకు వస్తోంది? బుధవారం ఆన్‌లైన్ పరీక్ష ఉంది, టెన్షన్‌గా ఉంది.

ఒకటో స్విచ్‌లో ఇది ఉంది. రెండో దాంట్లో ఐపీ 10.20.0.3, ప్రయారిటీ 100, ట్రాక్ లేదు.

```
track 1 interface GigabitEthernet1/0/48 line-protocol
!
interface Vlan20
 ip address 10.20.0.2 255.255.254.0
 vrrp 20 ip 10.20.0.1
 vrrp 20 priority 120
 vrrp 20 track 1 decrement 10
```

మంచిర్యాల_మోడెమ్

నెట్ పోతే ఇంకో కంపెనీ లైన్ తీసుకోవాలి అన్నా. మా షాపులో రెండు లైన్లు ఉన్నాయి, ఒకటి పోతే రౌటర్ రెండోదానికి మారుతుంది. నెలకు ఇంకో ఆరేడు వందలు, అంతే.

హన్మకొండ_ల్యాన్

లైన్లు రెండు ఉన్నాయి అన్నా, అవి ఫైర్‌వాల్ చూసుకుంటుంది. నాది దానికంటే లోపలి గొడవ. పీసీకి గేట్‌వేగా ఉన్న స్విచ్ చస్తే ఇంకో స్విచ్ దాని జాగాలోకి రావాలి, అదీ సంగతి.

ప్యాకెట్_పోశెట్టి

టైమర్లు తగ్గించు. ఇప్పుడు అడ్వర్టైజ్‌మెంట్ సెకనుకు ఒకటి పోతోంది. 100 మిల్లీసెకన్లు పెడితే అంతా క్షణంలో అయిపోతుంది. లేదంటే ప్రీఎంప్ట్ తీసేయ్, పని ఖతం.

పాత_కన్సోల్

పోశెట్టన్న రెండో మాటలో కొంత విషయం ఉంది. మొదటిది ఇక్కడ పనికిరాదు. టైమర్లు చూసుకునేది పోయేటప్పుడు మాత్రమే. రెండో స్విచ్ మూడు అడ్వర్టైజ్‌మెంట్ల కాలం చూసి, దాని మీద ప్రయారిటీని బట్టి ఇంకొంచెం ఆగుతుంది. ప్రయారిటీ 100కు ఆ కొంచెం (256-100)/256, అంటే 0.6 సెకన్లు. మొత్తం 3.6. అది మీకు సక్కగానే పని చేసింది.

కానీ ఒక్క పింగే పోయింది అన్నారు చూడండి, అక్కడ జాగ్రత్త. విండోస్‌లో "Request timed out" అని ఒక లైను పడిందంటే ఒక సెకను పోయినట్టు కాదు. అది జవాబు కోసం 4 సెకన్లు ఎదురుచూసి ఆ లైను వేస్తుంది. లైన్లు లెక్కపెట్టి సెకన్లు అనుకుంటే మోసపోతాం. `-w 500` పెట్టి కొట్టండి, అప్పుడు దాదాపు సెకనుకు ఒక లైను వస్తుంది.

ఇంకోటి, ఏ అడ్రస్‌కు పింగ్ కొట్టారు? ఒకే పీసీలో రెండు విండోలు తెరవండి. ఒకదాంట్లో 10.20.0.1, ఇంకోదాంట్లో ఫైర్‌వాల్ అవతల ఉన్న ఏదైనా అడ్రస్. ఒకటో స్విచ్ తిరిగి వచ్చేటప్పుడు రెండు విండోల్లో ఏమవుతుందో చూసి చెప్పండి.

లావణ్య_ల్యాన్

రెండు విండోలు పక్కపక్కన పెట్టి ఫోనులో వీడియో తీయండి. తర్వాత మేనేజ్‌మెంట్ అడిగినప్పుడు అదే సాక్ష్యం. నాకు ఒకసారి ఉద్యోగం నిలబెట్టింది.

హన్మకొండ_ల్యాన్

రాత్రి 9కి మళ్లీ చేశాను. వాచ్‌మన్ తాత "మళ్లీ పీకుతున్నవా బిడ్డా" అని నవ్వుతున్నాడు.

పవర్ పీకినప్పుడు రెండు విండోల్లోనూ 4 లైన్లు పోయాయి. పాత_కన్సోల్ సార్ చెప్పిన లెక్కే. తిరిగి వచ్చినప్పుడే విచిత్రం. 10.20.0.1 ఒక్క పింగ్ కూడా పోలేదు. బయటి అడ్రస్ మాత్రం వరుసగా 41 లైన్లు పోయింది. గేట్‌వే "నేను ఉన్నా" అంటోంది, దాన్ని దాటి ఏమీ పోవడం లేదు.

పాత_కన్సోల్

దొరికింది. మీ గేట్‌వే కుర్చీలో కూచుంది, తాళాలు ఇంకా చేతికి రాలేదు.

ఒకటో స్విచ్ బూట్ అయింది. వీలాన్ 20 లేచింది. రెండో స్విచ్ 100 అని చెప్పడం విన్నది, నాది 120 కదా అని వెంటనే మాస్టర్ అయిపోయింది. వీఆర్‌ఆర్‌పీలో ప్రీఎంప్ట్ అడగకుండానే ఆన్‌లో ఉంటుంది, మీ కాన్ఫిగ్‌లో ఆ లైను కనపడకపోయినా సరే. రెండోది మర్యాదగా పక్కకు జరిగింది. ఆ క్షణం నుంచి ల్యాబ్ ట్రాఫిక్ అంతా ఒకటో దానికి పోతోంది. కానీ ఆ స్విచ్‌కు ఫైర్‌వాల్ నుంచి డిఫాల్ట్ రూట్ ఇంకా రాలేదు. రూట్ లేని స్విచ్ వచ్చిన ప్యాకెట్‌ను పారేస్తుంది.

రూట్ ఎందుకు రాలేదంటే, ఈథర్‌నెట్ లింకు మీద ఓఎస్‌పీఎఫ్ మామూలుగా డీఆర్ ఎన్నిక పెడుతుంది. ఎన్నికకు ముందు ఎవరైనా ఉన్నారేమో అని డెడ్ టైమర్ అంత సేపు, అంటే 40 సెకన్లు ఆగుతుంది. లింకుకు అటు ఒకడు, ఇటు ఒకడు, అయినా ఎన్నికే! మీ 41 లైన్లు అక్కడివే.

గోదావరిఖని_గిగాబిట్

ఇద్దరే ఉన్న వార్డులో ఎన్నిక పెట్టి 40 సెకన్లు ప్రచారం 😂

హన్మకొండ_ల్యాన్

ఇప్పుడు అర్థమైంది. మరి ఏం మార్చాలి?

పాత_కన్సోల్

రెండు పనులు. ఒకటి, ఒకటో స్విచ్‌కు కాస్త ఆగమని చెప్పండి:

```
interface Vlan20
 vrrp 20 preempt delay minimum 90
```

మీకు రూట్ రావడానికి 45 సెకన్ల లోపే పడుతోంది, దానికి రెట్టింపు పెట్టాను. మీ దగ్గర ఎంత పడుతుందో కొలిచి పెట్టుకోవాలి, వేరేవాళ్ల అంకె కాపీ కొట్టొద్దు.

రెండు, ఫైర్‌వాల్ లింకును పాయింట్ టు పాయింట్ చేయండి, ఎన్నిక గొడవే ఉండదు. స్విచ్ వైపు `ip ospf network point-to-point`. ఫైర్‌వాల్ వైపు కూడా అదే చేయాలి.

ప్యాకెట్_పోశెట్టి

ప్రీఎంప్ట్ తీసేస్తే ఒక్క లైనుతో పోయేది. 90 ఎందుకు, కొలతలెందుకు. రెండోది మాస్టర్‌గా ఉంటే ఉండనీ, అదీ స్విచ్చే కదా.

లావణ్య_ల్యాన్

నేను పోశెట్టన్న పక్షమే, సగం. మా దగ్గర మొదటిది తిరిగి వచ్చినా మాస్టర్ మారదు. రాత్రి 11 దాటాక నేనే చేత్తో మారుస్తాను. పగలు రెండోసారి ఎవరికీ నెట్ పోకూడదు. ఏ కారణంతో పడిందో తెలియని స్విచ్‌ను లేవగానే కుర్చీ ఎక్కించడం నాకు నచ్చదు. మళ్లీ పడితే? మళ్లీ లేస్తే?

పాత_కన్సోల్

లావణ్యమ్మా, మీరు రాత్రి గుర్తుపెట్టుకుని మారుస్తారు. అందరూ మార్చరు. నేను చూసిన చోట రెండేళ్లు మారలేదు. స్పానింగ్ ట్రీ రూట్ ఒకటో స్విచ్ మీద, గేట్‌వే రెండో దాని మీద. ప్రతి ప్యాకెట్ ముందు ఒకటోదానికి పోయి, మధ్య ఫైబర్ దాటి రెండోదానికి పోయేది. ఎవరికీ తెలియలేదు, ఆ ఫైబర్ ఎలుక కొరికేదాకా.

లావణ్య_ల్యాన్

అది స్పానింగ్ ట్రీని, గేట్‌వేను ఒకే చోట చూసుకోనివాళ్ల తప్పు సార్. ప్రీఎంప్ట్ తప్పు కాదు. ఇక్కడ మన ఇద్దరికీ కుదరదు.

కరీంనగర్_రిలే

నా కేసు చెప్తా. మాకు రెండు స్విచ్‌లూ ఒకేసారి మాస్టర్ అయ్యాయి. `show vrrp brief` కొడితే ఇక్కడా మాస్టరే, అక్కడా మాస్టరే. నేను పాస్‌వర్డ్ తప్పు అనుకుని రెండు రోజులు తిరిగాను. చివరికి చూస్తే ట్రంక్‌లో ఆ ఒక్క వీలాన్ అనుమతించలేదు. ఒకదాని మాట ఇంకోదానికి వినపడకపోతే రెండూ నేనే రాజు అంటాయి.

హన్మకొండ_ల్యాన్

రిలే అన్నా, నాది అది కాదు. ఒక్క చోటే మాస్టర్ కనిపిస్తోంది. చూసి చెప్పినందుకు సంతోషం.

అప్‌డేట్: డిలే 90 పెట్టాను, రెండు స్విచ్‌లలోనూ ఒకేలా. ఓఎస్‌పీఎఫ్ కూడా మార్చాను. ఫైర్‌వాల్ పాస్‌వర్డ్ అడ్మిన్ సార్ దగ్గర ఉంది కాబట్టి ప్రస్తుతానికి స్విచ్ వైపు మాత్రమే. నైబర్ FULL అని చూపిస్తోంది, కానీ రూట్ టేబుల్‌లో డిఫాల్ట్ రూటే లేదు! FULL అయ్యాక రూట్ రాకపోవడం ఏంటి?

పాత_కన్సోల్

"ఫైర్‌వాల్ వైపు కూడా" అన్నది అందుకే తమ్ముడూ. హలో, డెడ్ టైమర్లు 10, 40 రెండు వైపులా కలవడంతో చేతులు కలిపేశాయి. కానీ ఆ లింకు ఎలాంటిది అన్న దగ్గర ఒకడు ఒకటి రాసుకున్నాడు, ఇంకొకడు ఇంకోటి. మ్యాపులు కలవవు, దారి లెక్క తేలదు. పాస్‌వర్డ్ దొరికేదాకా ఆ లైను తీసేయండి. డిలే ఒక్కటి చాలు.

హన్మకొండ_ల్యాన్

తీసేశాను, రూట్ వచ్చింది. పవర్ పీకి పెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు బయటి పింగ్ ఒక్కటి కూడా పోలేదు. రెండో స్విచ్ లాగ్‌లో 90 సెకన్ల తర్వాత ఈ లైను పడింది:

```
%VRRP-6-STATECHANGE: Vl20 Grp 20 state Master -> Backup
```

ఇక నిద్రపోతా.

లావణ్య_ల్యాన్

అప్పుడే నిద్ర ఎక్కడిది. ఇప్పటిదాకా చేసింది ఒకే రకం టెస్ట్, స్విచ్ మొత్తం చావడం. ఎక్కువసార్లు అట్ల జరగదు. స్విచ్ బతికే ఉంటుంది, ఫైర్‌వాల్‌కు పోయే కేబుల్ పోతుంది. 48వ పోర్టు ఒక్కటి పీకి చూడండి.

హన్మకొండ_ల్యాన్

పీకాను అక్కా. కొంప మునిగింది. బయటి పింగ్ పోయింది, పోయినట్టే ఉంది. రెండు నిమిషాలు చూసి భయపడి మళ్లీ పెట్టేశాను. ట్రాక్ ఉంది కదా, అయినా మాస్టర్ ఒకటో స్విచ్చే. `show vrrp` లో ప్రయారిటీ 110 అని చూపించింది.

గోదావరిఖని_గిగాబిట్

120 లోంచి 10 తీస్తే 110. అవతలివాడు 100. ఇంకా నువ్వే పెద్దోడివి కదా తమ్ముడూ 😀

హన్మకొండ_ల్యాన్

అయ్యో. అవును. ఏదో డాక్యుమెంట్‌లో 10 అని ఉంటే అట్లే కొట్టాను. 30 పెడితే 90 అవుతుంది. ఆగండి.

హన్మకొండ_ల్యాన్

30 పెట్టి మళ్లీ పీకాను. ప్రయారిటీ 90 అయింది. కానీ వెంటనే మారలేదు! నిమిషంన్నర తర్వాత మారింది. అంటే ట్రాకింగ్ అంత నెమ్మదా?

ప్యాకెట్_పోశెట్టి

ట్రాకింగ్ నెమ్మదే ఉంటుంది. టైమర్లు తగ్గించమని మొదటే చెప్పాను.

పాత_కన్సోల్

కాదు పోశెట్టన్నా. ప్రయారిటీ 90 కావడానికి ఆలస్యం కాలేదు, ఆయనే చూశాడు. నిమిషంన్నర అంటే ఎంత? 90 సెకన్లు. ఆ అంకె ఎక్కడో చూశాం కదా.

తమ్ముడు డిలేను రెండు స్విచ్‌లలోనూ పెట్టాడు. ఒకటోది చావలేదు, 90 అని చెబుతూనే ఉంది. కాబట్టి ఇది మాస్టర్ చచ్చిన కేసు కాదు, రెండోది బతికి ఉన్న చిన్నవాణ్ని దించి ఎక్కాలి. అదీ ప్రీఎంప్టే. దానికీ మీరు 90 సెకన్లు ఆగమని చెప్పారు, ఆగింది. రెండో స్విచ్‌లో ఆ డిలే తీసేయండి.

పోశెట్టన్న సలహా ప్రకారం రెండింట్లో ప్రీఎంప్టే తీసేసి ఉంటే ఇంకా ఘోరం. కేబుల్ పోయి ఒకటోది 90కి పడినా రెండోది కదిలేదే కాదు. తీస్తే ఒకటో దాంట్లో తీయొచ్చు, రెండో దాంట్లో మాత్రం ఉండాలి.

ప్యాకెట్_పోశెట్టి

ఇది నాకు తట్టలేదు. మా దగ్గర రెండింట్లోనూ తీసేసి ఉంది, ట్రాక్ కూడా ఉంది. రేపు పోయి చూడాలి 🙏

లావణ్య_ల్యాన్

నేనూ ఇప్పుడే లాగిన్ అయ్యి చూసుకున్నా. రెండో దాంట్లో ఉంది, బతికిపోయాను.

సిద్దిపేట_స్పానింగ్

అసలు ఈ ట్రాక్ ఎందుకు? రెండు స్విచ్‌ల మధ్య కూడా ఒక చిన్న వీలాన్ మీద ఓఎస్‌పీఎఫ్ నడపండి. ఒకటోదానికి పైలింకు పోతే డిఫాల్ట్ రూట్ రెండోదాని మీదుగా వస్తుంది. మాస్టర్ మారనక్కర్లేదు, పీసీలకు తెలియనే తెలియదు.

పాత_కన్సోల్

అదీ మంచి పద్ధతే. ట్రాక్ ఉంచుకుంటే మాత్రం పోర్టును కాదు, రూట్‌నే చూడమని చెప్పండి:

```
no track 1
track 1 ip route 0.0.0.0 0.0.0.0 reachability
```

పోర్టు లైటు వెలగడం వేరు, రూట్ ఉండటం వేరు. మీ మొదటి 41 సెకన్లూ పోర్టు వెలుగుతూనే ఉంది కదా. ఇలా పెడితే బూట్ అయ్యాక కూడా రూట్ వచ్చేదాకా ఒకటోది 90 మీదే ఉంటుంది. సిద్దిపేట అన్న చెప్పింది కూడా చేస్తే ఆ రూట్ పక్క స్విచ్ నుంచైనా రావచ్చు కాబట్టి ట్రాక్ పడదు, దాని అవసరమే ఉండదు. రెండూ కలిపి పెట్టి గందరగోళం చేసుకోవద్దు. నేనైతే ట్రాక్ వైపే ఉంటాను, `show vrrp` లో ఒక్క చూపుకు కనిపిస్తుంది.

సిద్దిపేట_స్పానింగ్

నేనైతే రూటింగ్ వైపే. మాస్టర్ ఎంత తక్కువసార్లు మారితే అంత మంచిది.

హన్మకొండ_ల్యాన్

పరీక్షకు రెండు రోజులే ఉంది కాబట్టి ట్రాక్‌తోనే పోతున్నా. రూట్ ట్రాక్ పెట్టాను, రెండో దాంట్లో డిలే తీశాను. 48వ పోర్టు పీకితే బయటి పింగ్ 2 లైన్లు పోయింది. తిరిగి పెడితే ఒక్కటీ పోలేదు. మధ్య ఫైబర్ కూడా పీకాను, కింది స్విచ్‌ల మీదుగా అడ్వర్టైజ్‌మెంట్లు అందుతున్నట్టున్నాయి, ఒక్కడే మాస్టర్.

కానీ ఒక చిక్కు మిగిలింది. మూడో ల్యాబ్‌లో 6 పీసీలు ఒకటో స్విచ్ పవర్ పీకితే మొత్తానికే చస్తున్నాయి, అది వచ్చేదాకా లేవడం లేదు. పక్కన ఉన్న పీసీలకు ఏమీ కావడం లేదు. ఒకే అంతస్తు స్విచ్, ఒకే వీలాన్.

గోదావరిఖని_గిగాబిట్

ఆ పీసీల్లో `arp -a` కొట్టు. గేట్‌వే ఎదురుగా 00-00-5e-00-01 తో మొదలయ్యే మ్యాక్ ఉండాలి, చివర గ్రూపు నంబరు 20.

పాత_కన్సోల్

చివర 20 కాదు, 14 వస్తుంది. హెక్సాలో 20 అంటే 14. మిగతాది కరెక్టే.

హన్మకొండ_ల్యాన్

బాగున్న పీసీలో `00-00-5e-00-01-14`. ఆ ఆరింటిలో అసలు 10.20.0.1 లైనే లేదు. `ipconfig` చూస్తే గేట్‌వే 10.20.0.2 అని ఉంది, ఎవరో చేత్తో పెట్టారు. అది ఒకటో స్విచ్ సొంత అడ్రస్. పెట్టింది ఎవరా అని అడిగితే ల్యాబ్ అసిస్టెంట్ నా వైపే చూస్తున్నాడు. పోయిన నెల ఇన్‌స్టాలేషన్ రోజు నేనే పెట్టానట.

మంచిర్యాల_మోడెమ్

అందుకే రెండో లైను తీసుకోమన్నా 😄

హన్మకొండ_ల్యాన్

ఆరూ డీహెచ్‌సీపీకి మార్చాను. ప్రింటర్లకు కూడా చేత్తోనే పెట్టాను, అవి 11 ఉన్నాయి. రేపు పొద్దున ఒక్కో గది తిరగాలి.